వీసా ఇంటర్వ్యూకి ఏ బట్టలు వేసుకోవాలి? హైదరాబాద్ కాన్సులేట్‌కి వెళ్లేవాళ్ల కోసం

నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో వీసా ఆఫీసర్ మిమ్మల్ని ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడరు. బ్యాంకులో క్యాషియర్ కౌంటర్ లాంటి అద్దం కిటికీ ఉంటుంది. అవతల ఆఫీసర్, ఇవతల నిలబడి మీరు, మధ్యలో మైకు. చాలామందికి రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. అంతసేపట్లో ఆఫీసర్‌కి కనిపించేది తల నుంచి ఛాతీ దాకా మీరు, కాగితాలు అందించే మీ చేతులు. అంతే.

ఈ సంగతి తెలియక మా ఇళ్లలో ఇంటర్వ్యూ తేదీ రాగానే ముందు బూట్ల కోసం షాపుకి పరిగెత్తుతారు. గత కొన్నేళ్లలో మా అన్నయ్యనీ వదిననీ, ఇద్దరు మేనల్లుళ్లనీ, ఒక మేనకోడలినీ నేనే దగ్గరుండి తీసుకెళ్లాను. ఏది పనికొచ్చిందో, ఏది ఇబ్బంది పెట్టిందో కళ్లారా చూసి రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. బట్టలు చూసి వీసా ఇవ్వరు, బట్టలు చూసి ఆపరు. విజిటర్ వీసాకైనా, స్టూడెంట్ వీసాకైనా తిరస్కరించినప్పుడు ఎక్కువగా వినిపించేది అమెరికా ఇమిగ్రేషన్ చట్టంలోని 214(బి) సెక్షన్. మీరు పని ముగించుకుని తిరిగి వస్తారని ఆఫీసర్‌కి నమ్మకం కలగలేదని దాని అర్థం. ఆ నమ్మకం మీ డీఎస్-160 ఫారం నుంచి, మీ జవాబుల నుంచి రావాలి. నీలం చొక్కా వేసుకుంటే వీసా ఖాయం, ఫలానా రంగు చీర కలిసొస్తుంది అని ఎవరైనా చెబితే పక్కన పెట్టేయండి. బట్టలు చేసే పని రెండే రెండు. ఒకటి, ఫారంలో ఉన్న మనిషే ఈ కిటికీ దగ్గర నిలబడ్డాడని చూడగానే అనిపించాలి. రెండోది, ఆ రెండు మూడు నిమిషాలు మీ ధ్యాస మీ చొక్కా మీదకో, పైట మీదకో పోకూడదు.

ముందు ఫారం తీయండి, తర్వాత బీరువా

డీఎస్-160 నింపాక ప్రింటు తీసుకుంటారు కదా, దాన్ని ఎదురుగా పెట్టుకోండి. మీ వృత్తి ఏమని రాశారు? నెల ఆదాయం ఎంత చూపించారు? ఎందుకు వెళుతున్నామని రాశారు? ఆ మూడు జవాబులూ చదువుకుని, ఆ మనిషి ఒక పని రోజున కాస్త ముఖ్యమైన చోటికి వెళ్లాలంటే ఏం వేసుకుంటాడో ఆలోచించండి. టీచరైతే డీఈఓ ఆఫీసుకి వెళ్లేటప్పుడు కట్టుకునే చీర. రైతైతే బ్యాంకు మేనేజర్ దగ్గరికి వెళ్లేటప్పుడు కట్టుకునే పంచె. ఇంజినీరింగ్ పూర్తి చేసిన కుర్రాడైతే క్యాంపస్ ఇంటర్వ్యూకి వేసుకున్న చొక్కా, ప్యాంటు. హెచ్-1బీ మీద వెళ్లే ఉద్యోగి రోజూ ఆఫీసుకి వేసుకెళ్లేవే వేసుకోవచ్చు. వాళ్లకు నేను చెప్పాల్సింది పెద్దగా లేదు.

చాలామంది ఇళ్లలో ఆ జత ముందే ఉంటుంది. కొనాల్సిన అవసరం పడేది చదువు కోసం వెళ్లే పిల్లలకే, అదీ కొందరికే.

బయోమెట్రిక్స్ రోజుకి వేరే ఆలోచన

రెండు అపాయింట్‌మెంట్లు ఉంటాయని మీకు తెలిసే ఉంటుంది. మొదటిది వీసా అప్లికేషన్ సెంటర్‌లో. హైదరాబాద్‌లో అది మాదాపూర్ వైపు, హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ కింది అంతస్తులో ఉంది. అక్కడ మాట్లాడే పని ఉండదు. పది వేళ్ల ముద్రలు, ఫోటో తీసుకుంటారు. అందరూ రెండో రోజు బట్టల గురించే ఆలోచించి, మొదటి రోజు ఏదో ఒకటి వేసుకుని వెళ్లిపోతారు. ఫోటోలో పడేది మాత్రం ఆ రోజు వేసుకున్నదే.

ఫోటో వెనక తెల్లటి గోడ ఉంటుంది. తెల్ల చొక్కా, క్రీమ్ రంగు లాల్చీ వేసుకుంటే భుజాలు గోడలో కలిసిపోయి తల ఒక్కటే తేలినట్టు కనిపిస్తుంది. ఆ రోజు ముదురు నీలం, మెరూన్, ముదురు ఆకుపచ్చ లాంటివి వేసుకోండి. డీఎస్-160లో అప్‌లోడ్ చేసే ఫోటోకి కూడా ఇదే పాటించండి. అది ఆరు నెలల లోపు తీయించినదై ఉండాలి. కళ్లద్దాలు పెట్టుకుని దిగిన ఫోటో 2016 నవంబరు నుంచి ఒప్పుకోవడం లేదు, కాబట్టి అద్దాలు తీసే దిగండి. యూనిఫాం ఉండకూడదు. మతాచారం ప్రకారం తల కప్పుకునేవాళ్లు, తలపాగా కట్టుకునేవాళ్లు అది తీయక్కర్లేదు. నుదురు నుంచి గడ్డం దాకా ముఖం పూర్తిగా కనిపిస్తే చాలు. బొట్టు తీయక్కర్లేదు. జుట్టు మాత్రం కళ్ల మీద, బుగ్గల మీద పడకుండా వెనక్కి దువ్వుకోండి.

ఇక వేళ్లు. బట్టల గురించి రాస్తూ వేళ్ల దాకా ఎందుకు వచ్చానంటే, అలంకరణలో భాగంగానే వీటిని పాడుచేసుకుంటాం. పెళ్లికో పేరంటానికో వెళ్లి వేళ్ల చివర్ల దాకా గోరింటాకు పెట్టుకుని వస్తే ముద్ర సరిగ్గా పడకపోవచ్చు. తేదీ వచ్చాక అరచేతికి పెట్టుకున్నా వేలి కొసలు వదిలేయండి. వేలికి కోత పడి ఉంటే అది మానేదాకా అపాయింట్‌మెంట్ వాయిదా వేసుకోవడం మేలు. పొలం పని, సిమెంటు పని, అంట్లు తోమే పని ఎక్కువగా చేసిన చేతుల్లో గీతలు అరిగిపోయి ఉంటాయి. అలాంటివాళ్లు వారం ముందు నుంచి రోజూ రాత్రి పడుకునేముందు వేళ్లకు కొంచెం వాజిలిన్ రాసుకుంటే చర్మం మెత్తబడి గీత తేలుతుంది. ఆ రోజు పొద్దున మాత్రం ఏమీ రాయకుండా సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని వెళ్లాలి.

జుట్టుకు రంగు వేసుకునే అలవాటుంటే ఫోటోకి నాలుగు రోజుల ముందే కానిచ్చేయండి. ముందు రోజు రాత్రి వేస్తే చెవుల పక్కన, నుదుటి అంచున నల్లటి మరక మిగిలిపోతుంది. మా అన్నయ్య ఫోటోలో ఆ మరక ఇప్పటికీ ఉంది.

అన్నయ్య పంచె కథ

అన్నయ్యది తెనాలి దగ్గర పల్లెటూరు. అయిదెకరాల్లో వరి, అరటి. డాలస్‌లో ఉన్న కూతురు పురుడికి రమ్మంది. వాళ్లిద్దరికీ బీ-2 విజిటర్ వీసా. ఫారంలో వృత్తి దగ్గర వ్యవసాయం అని రాశాం.

కూతురు ఫోన్ చేసి, "నాన్నా, పంచె కట్టుకుని వెళ్లకు, ప్యాంటు షర్టు వేసుకో, టక్ చేసుకో" అంది. ఆ పిల్ల భయం అది, తప్పు పట్టను. అన్నయ్య గుంటూరు వెళ్లి ప్యాంటు కొన్నాడు, బెల్టు కొన్నాడు, నల్ల బూట్లు కూడా కొన్నాడు. వారం ముందు మా ఇంటికి వచ్చినప్పుడు వేసుకుని చూపించమన్నాను. హాల్లో నిలబెట్టి, నేను సోఫా వెనక నిలబడి, "ఏం పని చేస్తారు మీరు?" అని అడిగాను. "వ్యవసాయమండీ" అన్నాడు. అంటూనే రెండు చేతులతో నడుం దగ్గర ప్యాంటు పైకి లాక్కున్నాడు. "ఎన్నెకరాలు?" అంటే, అయిదు అని చెప్పేలోపు మళ్లీ లాక్కున్నాడు. మూడో ప్రశ్నకి బెల్టు బకిల్ సర్దుకుంటూ కిందికి చూశాడు. నలభై ఏళ్లుగా పంచె తప్ప ఎరగని మనిషి. అబద్ధం ఒక్కటీ చెప్పలేదు, కానీ చూసేవాళ్లకు ఏదో దాస్తున్నట్టు ఉంది. చేతులు నడుం మీద, చూపు నేల మీద.

మర్నాడు తన పంచె, తన తెల్ల చొక్కా వేసుకోమని అవే ప్రశ్నలు అడిగాను. చేతులు వాటంతట అవే వెనక్కి వెళ్లి కట్టుకున్నాయి. చూపు నా ముఖం మీదే ఉంది. ఎకరాలతో ఆగకుండా, ఇప్పుడు అరటి ఏ దశలో ఉందో, తను లేనప్పుడు తోట ఎవరు చూసుకుంటారో కూడా చెప్పేశాడు. హైదరాబాద్ కాన్సులేట్‌లో తెలుగులో ఇంటర్వ్యూ ఇవ్వవచ్చు కాబట్టి భాష గురించి బెంగ లేదు. ఆ బట్టల్లోనే వెళ్లాడు. వీసా వచ్చింది. అది పంచె వల్ల రాలేదు. అడిగినదానికి తడబడకుండా జవాబు చెప్పాడు, కూతురి కాగితాలు సరిగ్గా ఉన్నాయి. ప్యాంటు వేసుకుని ఉంటే అవే జవాబులు అంత నిలకడగా చెప్పగలిగేవాడు కాదని మాత్రం గట్టిగా నమ్ముతాను.

కాబట్టి మీ ఇంట్లో పెద్దవాళ్లను పంపేటప్పుడు వాళ్ల అలవాటును మార్చకండి. శుభ్రం చేయించండి, చాలు. పంచె అయితే ఉతికి, నీలిమందు మరకలు లేకుండా చూసి, తేలికపాటి గంజితో ఇస్త్రీ చేయించండి. గంజి చిక్కగా పెడితే కారులో కూర్చుని లేచేసరికి మడతలు కాగితంలా విరుగుతాయి. జరీ అంచు పెళ్లిపంచె వద్దు, సన్న అంచుది చాలు. కండువా అలవాటుంటే వేసుకోవచ్చు, అలవాటు లేనివాళ్లకు అది భుజం మీద నుంచి జారుతూనే ఉంటుంది. తెల్ల చొక్కా కాలర్ లోపలి వైపు ఒకసారి తిప్పి చూడండి. అక్కడ మెడ మట్టి పేరుకుని గోధుమ రంగు చార ఉంటే ఎంత ఇస్త్రీ చేసినా ఆ చొక్కా పాతగానే కనిపిస్తుంది.

చీర కట్టుకునేవాళ్లకు

మా వదిన పట్టుచీర తీసి పెట్టుకుంది. పెద్దాఫీసుకి వెళుతున్నాం కదా అని ఆమె ఆలోచన. పట్టుచీరలో తప్పేమీ లేదు, కానీ బరువు. బయట ఎండలో లైను, లోపల మళ్లీ లైను, ఎంతసేపు నిలబడాలో చెప్పలేం. పైగా పెళ్లికి వెళ్తున్నట్టు ఉంటే, అడిగేది మామూలు ప్రశ్నలే అయినా మనకే ఏదో పరీక్షలా అనిపిస్తుంది. చివరికి మంగళగిరి కాటన్ తీశాం. నీలం రంగు, చిన్న అంచు. అంతకుముందు నాలుగైదుసార్లు కట్టినది. ఒక్కసారి కూడా కట్టని కొత్త చీర ఆ రోజుకి వద్దు. కుచ్చిళ్లు నిలవవు, అడుగున ఉబ్బుతుంది, నడిచేటప్పుడు కాలికి అడ్డం పడుతుంది.

పైట మడతలు పెట్టి భుజం దగ్గర ఒక్క పిన్నీసుతో బిగించండి. వదిలేసిన పైట చూడ్డానికి బాగుంటుంది కానీ, కాగితాలు అందించేటప్పుడు చెయ్యి ముందుకు చాపగానే జారుతుంది. ఒక చేత్తో ఫైలు, ఇంకో చేత్తో పైట పట్టుకుని జవాబు చెప్పడం కష్టం. సెక్యూరిటీ దగ్గర పిన్నీసు వల్ల డిటెక్టర్ కూత వేసినా కంగారు పడకండి. చేతి డిటెక్టర్‌తో ఒకసారి చూసి పంపిస్తారు.

గాజుల విషయం ఎవరూ చెప్పరు. కిటికీ దగ్గర కౌంటరు ఉంటుంది, మనం తెలియకుండానే దాని మీద చేతులు ఆనిస్తాం. చేతి నిండా మట్టిగాజులుంటే కాగితం తిప్పినప్పుడల్లా గలగలమంటాయి. మధ్యలో మైకు ఉంది కదా, ఆ చప్పుడు మన మాట మీద పడుతుంది. రెండేసి ఉంచుకుంటే చాలు. మంగళసూత్రం, చెవులకు ఉన్నవి, ముక్కుపుడక ఎలా ఉన్నవి అలాగే ఉంచండి. ఆస్తి ఉందని చూపించడానికి నెక్లెసు పెట్టుకునే ఆలోచన మాత్రం మానుకోండి. ఆస్తి సంగతి అడిగితే నోటితో చెప్పేదే లెక్క.

చుడీదార్ అలవాటుంటే అదే మంచిది. చున్నీని రెండు భుజాల మీదా పిన్ను పెట్టి వదిలేయండి. లోపల ఏసీ ఉంటుంది కాబట్టి అరవై దాటినవాళ్లకు ఒక పలచటి శాలువా ఇవ్వండి. బ్యాగు లోపలికి రానివ్వరు, భుజం మీద వేసుకుని వెళ్లాల్సిందే.

చదువు కోసం వెళ్లే పిల్లలకు

ఎఫ్-1 ఇంటర్వ్యూలు ఎక్కువగా మే నుంచి జులై దాకా జరుగుతాయి. హైదరాబాద్‌లో మే అంటే నలభై డిగ్రీలు, జులై అంటే వాన. ఈ రెంటికీ నల్ల సూటు పనికిరాదు. నా అభిప్రాయం సూటిగా చెప్తాను: ఇరవై రెండేళ్ల కుర్రాడికి సూటూ టై అక్కర్లేదు. ఇంతకుముందు కనీసం అయిదారుసార్లు బ్లేజర్ వేసుకుని తిరిగిన అలవాటు ఉంటే తప్ప దాని జోలికి పోవద్దు. స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చుకున్న బ్లేజర్ భుజాల దగ్గరే పట్టిస్తుంది. భుజం ఎముక దాటి కుట్టు కిందికి జారి ఉంటుంది.

పూర్తి చేతుల చొక్కా, గుడ్డ ప్యాంటు, బెల్టు. ఇంతే కావాలి. చొక్కా కొలత మూడు చోట్ల చూడండి. భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక చివర ఆగాలి. పైగుండీ పెట్టుకున్నాక మెడకీ కాలర్‌కీ మధ్య రెండు వేళ్లు పట్టాలి. చేతులు కిందికి వదిలితే కఫ్ మణికట్టు ఎముక దగ్గర ఉండాలి. తర్వాత చేతులు ముందుకు చాపి చూడండి. ఛాతీ దగ్గర గుండీల మధ్య సందు తెరుచుకుని బనియన్ కనిపిస్తే చొక్కా బిగుతు అయినట్టే. డిగ్రీ మొదటేడులో కొన్న చొక్కాలన్నీ ఈ పరీక్షలో తప్పుతాయి.

రంగు ఎంచుకునేటప్పుడు చెమట గురించి ఆలోచించండి. తడిసిన బట్ట పొడిబట్ట కంటే ముదురుగా కనిపిస్తుంది. లేత నీలం, బూడిద రంగుల మీద ఆ తేడా స్పష్టంగా పడుతుంది, చంకల కింద రెండు మరకలు దూరం నుంచే తెలుస్తాయి. తెలుపు మీద, ముదురు నీలం మీద అంతగా తెలియదు. అందుకే ఎండాకాలంలో ఈ రెండింట్లో ఒకటి తీసుకోండి. లోపల చేతులున్న బనియన్ వేసుకోండి, చెమట చొక్కా దాకా రాకముందే అది పీల్చుకుంటుంది. బట్ట అచ్చమైన కాటన్ అయితే హాయిగా ఉంటుంది కానీ గంటలో నలుగుతుంది. కాటన్‌లో కొంత పాలిస్టర్ కలిసినది నలగదు, గాలీ కాస్త ఆడుతుంది. దూరం నుంచి ప్రయాణం చేసి వచ్చేవాళ్లకు ఇదే నయం. అచ్చమైన పాలిస్టర్ వద్దు, ఉక్కపోస్తుంది.

అమ్మాయిలకూ ఇదే లెక్క. ఇస్త్రీ చేసిన కుర్తా అయినా, ఫార్మల్ షర్టు ప్యాంటు అయినా ఒకటే. కాలేజీకి రెండూ వేసుకునే అమ్మాయి అయితే నిలబడి మాట్లాడేటప్పుడు సర్దుకోవాల్సిన అవసరం లేనిది ఎంచుకోవాలి. మా మేనకోడలు ముందుకు వంగినప్పుడల్లా మెడ దగ్గర లాక్కునే కుర్తా ఒకటి పక్కన పెట్టించాను. అంతకుమించి ఆమె బట్టల్లో నేను మార్చింది లేదు.

సీటు వచ్చిన యూనివర్సిటీ పేరున్న టీషర్టు వేసుకుంటే బాగుంటుందని కొందరు పిల్లలు అనుకుంటారు. వద్దు. ఇంకా వీసా రాలేదు. ఆ యూనివర్సిటీనే ఎందుకు ఎంచుకున్నావో నోటితో చెప్పాలి. ఏ రకం రాతలూ, బొమ్మలూ లేని బట్టలే మేలు.

కొత్త బట్టలతో వచ్చే చిక్కు ఒకటుంది. నా చిన్న మేనల్లుడు ముందు రోజు సాయంత్రం చొక్కా, ప్యాంటు, బ్లేజర్ కొనుక్కొచ్చాడు. వద్దన్నా వినలేదు. పొద్దున ఆరింటికి ప్యాకెట్ విప్పితే చొక్కాకి ఆరు గుండుసూదులు, కాలర్ కింద అట్టముక్క, ప్లాస్టిక్ పట్టీ. అన్నీ తీశాం అనుకున్నాం. చొక్కా ముందు వైపు మడతలు నిలువుగా, అడ్డంగా నాలుగు గీతలు పడి ఉన్నాయి, ఎంత రుద్దినా పోలేదు. కారెక్కాక కుడిచేతి కఫ్‌లో ఇంకో సూది గుచ్చుకుంది. బ్లేజర్ చేతి మీద కంపెనీ గుడ్డ లేబుల్ అలాగే ఉంది, వెనక చీలిక దగ్గర ఎక్స్ ఆకారంలో వేసిన దారపు కుట్టు కూడా విప్పలేదు, జేబులు కుట్టేసి ఉన్నాయి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా నేను నెయిల్‌కట్టర్‌తో ఆ దారాలు కోస్తూ కూర్చున్నాను. వాడు తన జవాబులు ఒక్కసారి కూడా నెమరేసుకోలేకపోయాడు. దిగేముందు బ్లేజర్ కారులోనే వదిలేశాడు.

కాబట్టి కొత్తది కొనాల్సి వస్తే పది రోజుల ముందు కొనండి. ఒకసారి నీళ్లలో పిండి ఆరేయండి, దాంతో ఆ బిరుసు, ప్యాకెట్ మడతలు పోతాయి. లేబుళ్లు, కుట్లు అన్నీ విప్పి, ఒక పూట వేసుకుని ఇంట్లో తిరగండి. ప్యాంటు పొడవు ఎక్కువైతే టైలర్‌తో ఆల్టర్ చేయించడానికీ టైం ఉంటుంది. బూట్లు కొత్తవైతే వారం రోజులు రోజూ ఒక గంట వేసుకుని నడవండి. మడమ దగ్గర బొబ్బ లేచినవాడు లైనులో ఒంటికాలి మీద నిలబడతాడు. పాతవే పాలిష్ చేసి వేసుకుంటే ఆ బాధే ఉండదు, ఎలాగూ కిటికీలోంచి అవి కనబడవు.

ఒంటి మీద ఏం ఉండకూడదు

సెల్‌ఫోన్, స్మార్ట్ వాచీ, ఇయర్‌ఫోన్లు, పవర్ బ్యాంకు, కారు రిమోట్ తాళం లోపలికి తీసుకెళ్లనివ్వరు. బ్యాగులు కూడా అంతే. స్మార్ట్ వాచీ చేతికి ఉందన్న సంగతే మర్చిపోయి గేటు దాకా వెళ్లేవాళ్లు చాలామంది ఉంటారు. టైం చూసుకోవాలంటే మామూలు ముల్లు వాచీ పెట్టుకోండి. తోడు వచ్చినవాళ్లకు ఇవన్నీ ఇచ్చేయండి. ఒంటరిగా వెళ్తుంటే దిగిన చోటే వదిలి రండి.

బ్యాగు లేదు కాబట్టి జేబు కావాలి. ప్యాంటు జేబులో చేతిరుమాలు ఒకటి, కొంచెం డబ్బు, అంతే. జేబులు ఉబ్బి ఉండకూడదు. చీర కట్టుకున్నవాళ్లకు ప్లాస్టిక్ ఫైలులోనే రుమాలు పెట్టి ఇవ్వండి. చదువుకోవడానికి కళ్లద్దాలు కావాల్సినవాళ్లు వాటికి తాడు కట్టి మెడలో వేసుకుంటే చేతులు ఖాళీగా ఉంటాయి.

సెంటు చల్లుకోకండి. లైనులో పక్కనున్నవాళ్లకు ఇబ్బంది, అద్దం అవతలికి ఎలాగూ చేరదు.

చాలామంది ఇంటర్వ్యూకి ముందు చిలుకూరు వెళ్లి బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు చేస్తారు. మేమూ వెళ్లాం. అయితే ఇంటర్వ్యూ బట్టల్లో వెళ్లవద్దు. ప్రదక్షిణలు అయ్యేసరికి చొక్కా వీపుకి అతుక్కుపోతుంది. ముందు రోజే వెళ్లి రండి. అదే రోజు పొద్దున వెళ్లక తప్పకపోతే వేరే జత వేసుకుని వెళ్లి, వచ్చి స్నానం చేసి మార్చుకోండి. బొట్టు, విభూతి ఉంచుకోవచ్చు. వేళ్లకు అంటిన కుంకుమ మాత్రం సబ్బుతో కడుక్కోండి, కాన్సులేట్‌లో కూడా వేలిముద్ర మళ్లీ పెట్టమని అడగవచ్చు.

మూడు రోజుల ముందు ఒక రిహార్సల్

ఆ రోజు వేసుకోబోయే బట్టలు మొత్తం వేసుకోండి, లోపలి బనియన్ నుంచి బెల్టు దాకా. ఒక అరగంట కుర్చీలో కూర్చోండి, కారులో కూర్చున్నట్టు. లేచాక ఇంట్లో ఎవరినైనా మీకు ఒక మీటరు దూరంలో నిలబెట్టి, మీ ఛాతీ నుంచి పైకి మాత్రమే పడేలా ఫోన్‌లో వీడియో తీయమనండి. తీస్తూ మీ ఫారంలోని ప్రశ్నలే అడగాలి. ఎక్కడికి వెళ్తున్నారు, ఎందుకు, ఎన్ని రోజులు, ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారు, ఇక్కడ ఏం చేస్తారు.

వీడియో చూసేటప్పుడు మొదటిసారి శబ్దం తీసేసి చూడండి. మీ చేతులు బట్టల మీదకి ఎన్నిసార్లు వెళ్లాయో లెక్కపెట్టండి. కాలర్ వదులు చేసుకోవడం, పైట సర్దుకోవడం, ప్యాంటు లాక్కోవడం, కఫ్ కిందికి దించుకోవడం. ఒకే చోటికి రెండుసార్ల కంటే ఎక్కువ వెళితే తేడా అక్కడే ఉంది. కాలర్ బిగుతా, పిన్ను చాల్లేదా, నడుం వదులా అని చూసి దాన్ని సరిచేయండి. సరికాకపోతే ఆ జత వదిలేయండి. మూడు రోజులు ముందు చేయమన్నది అందుకే, ఇంకో జత చూసుకోవడానికి, టైలర్ దగ్గరికి వెళ్లడానికి టైం ఉంటుంది.

ముందు రోజు, ఆ రోజు

రాత్రి బస్సులో, రైల్లో వచ్చేవాళ్లు ఇంటర్వ్యూ బట్టలతో ప్రయాణం చేయకండి. చొక్కాని గుండీలన్నీ పెట్టి, మడతల మధ్య పాత వార్తాపత్రిక కాకుండా తెల్ల కాగితం పెట్టి మడవండి. పత్రిక సిరా తెల్ల బట్టకి అంటుకుంటుంది. దిగగానే హ్యాంగర్‌కి తగిలించి, వేడినీళ్ల స్నానం చేసేటప్పుడు బాత్రూంలో పొడిగా ఉండే మూలన ఉంచితే ఆవిరికి చిన్న మడతలు వాటంతట అవే పోతాయి. కాన్సులేట్ దాకా మెట్రో లేదు. రాయదుర్గంలో దిగి ఆటోనో, క్యాబో తీసుకోవాలి. జులైలో అయితే ఆ కాస్త దూరంలోనే తడిసిపోవచ్చు, గొడుగు తోడు వచ్చినవాళ్ల చేతిలో ఉంచండి.

టిఫిన్ తిన్నాకే చొక్కా వేసుకోండి. ఇది చిన్న మాటలా ఉంటుంది కానీ, సాంబారు చుక్క తెల్ల చొక్కా మీద ఎక్కడ పడుతుందో మీకు తెలుసు, సరిగ్గా ఛాతీ మీద. ఆఫీసర్‌కి కనిపించే చోటే. మా వదిన అన్నయ్యకి ఇడ్లీ పెట్టి, మెడ చుట్టూ తువ్వాలు కట్టింది. బయల్దేరేముందు ఇంకో చొక్కా అదే కొలతది మడిచి కారులో పెట్టింది. దాని అవసరం రాలేదు.

గేటు దగ్గర లైనులో నిలబడ్డాక ఒక్కసారి రుమాలుతో ముఖం, మెడ తుడుచుకోండి. కాలర్ సరిచేసుకోండి, కళ్లద్దాలు తుడుచుకోండి. లోపలికి వెళ్లాక మళ్లీ బట్టల వైపు చూడక్కర్లేదు. అన్నయ్య బయటికి వచ్చాక నేను మొదట అడిగింది వీసా సంగతి కాదు, పంచె ఇబ్బంది పెట్టిందా అని. "ఏ పంచె కట్టుకున్నానో కూడా గుర్తు లేదమ్మా, ఆవిడ అరటి గురించి అడుగుతుంటే చెబుతూ ఉండిపోయాను" అన్నాడు.